పేజీ ఫోటో వచ్చిందా? సారాంశం రాసే ముందు ప్రశ్న ఎక్కడుందో వెతకండి

మీ స్టడీ గ్రూపు ఒకసారి తెరిచి పైకి జరపండి. ఎవరో ఒక పుస్తకం పేజీ ఫోటో పెట్టి ఉంటారు. కింద ఒక్క మాట ఉండదు. మహా అయితే ఒక ప్రశ్నార్థకం, లేదా దండం పెట్టే బొమ్మ. ఐదు నిమిషాల్లో గ్రూపులో చురుకైనవాడు ఒకడు ఆ పేజీకి పది పాయింట్ల సారాంశం కొట్టి పెడతాడు. నలుగురు బొటనవేలు చూపిస్తారు. ఫోటో పెట్టినవాడు మాత్రం ఏమీ అనడు. కాసేపటికి అదే పేజీని ఇంకో గ్రూపులో పెడతాడు.

అతను ఎందుకు ఇంకో గ్రూపుకు వెళ్లాడో మీరెప్పుడైనా ఆలోచించారా? అతనికి కావలసింది దొరకలేదు కాబట్టి. ఈ వ్యాసంలో నా వాదన ఒక్కటే. పేజీ ఫోటో అంటే సారాంశం అనుకోవడం సాయం కాదు, చదవకుండా తప్పించుకునే పద్ధతి. ఆ ఫోటో అర్థం చెప్పమంటోందా, కుదించమంటోందా, అనువదించమంటోందా, కింద అచ్చయిన అభ్యాసం చేయమంటోందా అన్నది చాలాసార్లు ఫోటోలోనే రాసి ఉంటుంది. మనం చూడం, అంతే.

పేపర్-ఎ మనకు నేర్పింది ఏమిటి?

సివిల్స్ మెయిన్స్‌లో భారతీయ భాష పేపర్ గుర్తు చేసుకోండి. 300 మార్కులు, అర్హత సాధిస్తే చాలు. అందులో వ్యాసానికి 100, గద్యభాగం చదివి ప్రశ్నలకు జవాబులు రాయడానికి 60, సంక్షిప్తీకరణకు 60, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదానికి 20, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మరో 20, వ్యాకరణానికి, పదప్రయోగాలకు 40.

ఇప్పుడు ఒక పని చేయండి. పాత ప్రశ్నపత్రం తీసి, గద్యభాగాల పైనున్న ఆదేశాల వాక్యాలను వేలితో మూసేయండి. అవగాహన ప్రశ్నకు ఇచ్చిన గద్యం, సంక్షిప్తీకరణకు ఇచ్చిన గద్యం పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఏముంది? ఇంచుమించు ఏమీ ఉండదు. ఒకటి ప్రజాస్వామ్యం గురించి, మరొకటి చదువు గురించి ఉండొచ్చు. రెండూ గద్యాలే. ఒకదాన్ని మూడో వంతుకు కుదించాలని, శీర్షిక పెట్టవద్దని, మీ సొంత మాటల్లో రాయాలని చెప్పేది గద్యం కాదు, పైనున్న ఆ ఒక్క ఆదేశం. అవగాహన గద్యాన్ని ఎంత అందంగా కుదించి రాసినా ఆ 60 మార్కుల్లో మీకు ఒక్కటీ రాదు.

ఫోటోగా వచ్చిన పేజీ అంటే ఆదేశం చిరిగిపోయిన ప్రశ్నపత్రం. పరీక్ష హాల్లో ఆదేశం చదవకుండా రాసేవాణ్ణి మనం వెర్రివాడంటాం. గ్రూపులో అదే పని చేసినవాణ్ణి సాయం చేసే గుణం ఉన్నవాడంటాం. ఈ తేడా నాకు అర్థం కాదు.

ఆదేశం చిరిగిపోయినా దాని ఆనవాళ్లు మిగులుతాయి. ఎక్కడ మిగులుతాయో చెప్పడానికి, నేనే చేసిన తప్పు ఒకటి మొదట చెబుతాను.

గోడాదరాలో ఒక లెక్కల పేజీ

నేను ఉండేది సూరత్‌లో, గోడాదరాలో. మా వీధిలో సగం ఇళ్లు తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లవే. చీరల మీద స్టోన్ వర్క్, దారాలు కత్తిరించే పని ఇంటింటా ఉంటుంది. సూరత్ మున్సిపాలిటీ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతుంది గానీ, ఇక్కడే బతకాలి కదా అని పిల్లల్ని గుజరాతీ మాధ్యమంలో వేసేవాళ్లు చాలామంది. ఇలాంటి ఇళ్లలో పెద్దవాళ్లు గుజరాతీ, హిందీ గడగడా మాట్లాడతారు. లిపి మాత్రం చదవలేరు. నేను పోటీ పరీక్షలకు చదువుతున్నానని తెలుసు కాబట్టి పిల్లల పేజీలు నా ఫోన్‌కు వస్తుంటాయి.

ఒక రాత్రి పది దాటాక, మా పక్క వరుసలో ఉండే అక్క ఒక ఫోటో పంపింది. ఎనిమిదో తరగతి లెక్కల పేజీ, శాతాల పాఠం. పైన ఒక ఉదాహరణ, దాని కింద ఉకేల్ అని, అంటే సాధన అని, మూడు వరుసలు. సగం పేజీ నుంచి స్వాధ్యాయ్, అంటే అభ్యాసం. అందులో మూడో లెక్క ఈ తరహాది: ఒక వస్తువు ధర 800 రూపాయలు. దానిపై 10 శాతం తగ్గింపు ఇచ్చి, తగ్గిన ధరపై 5 శాతం పన్ను వేస్తే కొనేవాడు ఎంత కట్టాలి?

నేను మెయిన్స్ జవాబు ఒకటి రాస్తూ మధ్యలో ఫోన్ చూశాను. అభ్యాసం కనబడింది, లెక్క కనబడింది. 800లో 10 శాతం 80, మిగిలింది 720, దానిపై 5 శాతం 36, మొత్తం 756. కాగితం మీద నీటుగా రాసి, ఫోటో తీసి పంపేశాను. రెండు నిమిషాల పని. మంచి పని చేశాననుకున్నాను కూడా.

వారం తర్వాత బడిలో చిన్న పరీక్ష పెట్టారు. 1,200 రూపాయల వస్తువు, 20 శాతం తగ్గింపు, 10 శాతం పన్ను. పిల్ల 1,080 రాసింది. సరైన జవాబు 1,056. అక్క నాతో అన్న మాట ఇది:

"తమ్మీ, జవాబు నాకెందుకు? అది బడిల టీచరమ్మనే చెప్పింది. పిల్ల 760 ఏసింది, టీచరమ్మ ఎర్ర పెన్నుతోని కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందో పిల్లకు సమజ్ గాలె, నాకు సమజ్ గాలె. గదే నిన్ను అడిగిన."

ఇంటికొచ్చి పాత ఫోటో మళ్లీ తెరిచి పెద్దది చేసి చూశాను. మూడో లెక్క పక్కన పెన్సిల్‌తో 760. దాని మీద సన్నటి ఎర్ర గీత. మొదటి రాత్రి నుంచీ ఆ ఫోటోలోనే ఉంది. నేను అచ్చయిన అక్షరం చదివాను, చేతిరాత చదవలేదు.

ఆ 760లో ప్రశ్న మొత్తం ఉంది. పిల్ల 10 శాతం తీసి 5 శాతం కలపడమంటే మొత్తం మీద 5 శాతం తగ్గినట్టే అనుకుంది. 800లో 5 శాతం 40, కాబట్టి 760. ఆమె కూడికలు తీసివేతలు అన్నీ సరిగ్గానే చేసింది. తప్పింది ఒక్కచోట: 10 శాతం 800 మీద, 5 శాతం 720 మీద అన్న సంగతి. 5 శాతం 40 కాదు, 36. ఆ నాలుగు రూపాయలే తేడా. పరీక్షలో 1,080 కూడా అదే తప్పు: 20 నుంచి 10 తీసేసి, 1,200లో 10 శాతం తగ్గించింది. నేను పంపిన 756 ఆ తప్పును తాకనే లేదు. పిల్ల దాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది, తప్పు తప్పుగానే ఉండిపోయింది.

ఆ రాత్రి నేను పంపవలసింది వేరే. వంద రూపాయల చీరకు సగం ధర తగ్గిస్తే యాభై. మళ్లీ యాభై శాతం పెంచితే వంద అవుతుందా, డెబ్బై అయిదు అవుతుందా? ఈ ఒక్క ప్రశ్న పంపి ఉంటే చాలు, 756 పిల్లే వేసుకునేది. పేజీ అర్థం చెప్పమంది, నేను అభ్యాసం చేసి పెట్టాను.

మొదటి ఆనవాలు: చేతి గుర్తులు

అందుకే మొదట అచ్చు కాదు, చేతిరాత చూడండి. ప్రశ్న పక్కన ప్రయత్నించిన జవాబు ఉంటే, సరైనదైనా తప్పయినా, ఆ ఫోటో అభ్యాసం చేయమని అడగడం లేదు. చేసినదాన్ని సరిచూడమని, తప్పెక్కడో చెప్పమని అడుగుతోంది. పేరా మధ్యలో ఒక్క వాక్యం కింద గీత, పక్కన ప్రశ్నార్థకం ఉంటే ఆ వాక్యానికి వివరణ కావాలి, పేజీకి సారాంశం కాదు. పదాల నెత్తిన చిన్న అక్షరాలతో తెలుగు అర్థాలు రాసి, ఒకచోట ఆగిపోయి ఉంటే అది అనువాదం, ఆగిన చోటు నుంచి.

ఇందులో మోసపోయే చోటు కూడా ఉంది. పాత పుస్తకాల షాపులో కొన్న పుస్తకంలో గీతలు మనవాడివి కావు, ముందటివాడివి. దీన్ని పట్టడం కష్టం కాదు. పేజీ అంతా ఒకే రంగుతో, ప్రతి రెండో వాక్యం కింద, స్కేలు పెట్టినట్టు గీతలుంటే అవి రివిజన్ కోసం ఎవరో ఎప్పుడో కొట్టినవి. సందేహం వచ్చి గీసిన గీత ఒంటరిగా, వంకరగా ఉంటుంది. అలాగే పేజీ మూలన కనబడే బొటనవేలు ప్రతిసారీ ప్రశ్నను చూపించదు. చాలాసార్లు అది పుస్తకం మూసుకుపోకుండా పట్టుకున్న వేలే.

రెండో ఆనవాలు: ఫోటో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది

ఫోటో తీసేవాడు తనకు అక్కర్లేనిది ఫ్రేములోకి రాకుండా చేస్తాడు. తెలిసి కాదు, సహజంగానే. కాబట్టి ఏది మధ్యలో ఉంది, ఏది అంచున తెగిపోయింది అన్నది చూడాలి.

మన గ్రూపులోదే ఒక ఉదాహరణ చెబుతాను. పాత ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి అర్థశాస్త్రంలో పాలంపూర్ గ్రామం పాఠం మీరందరూ చదివే ఉంటారు. ఒకతను అందులో హరిత విప్లవం గురించిన పేజీ పెట్టాడు. వెంటనే సారాంశం వచ్చింది: మేలు రకం విత్తనాలు, బోరుబావులు, రసాయన ఎరువులు, పంజాబ్, హర్యానా, పెరిగిన ధాన్యం దిగుబడి. నీటుగా ఉంది. అందరూ సేవ్ చేసుకున్నారు.

ఫోటోను మళ్లీ చూడండి. పై పేరా మొదటి రెండు వరుసలు సగానికి తెగిపోయాయి. పేరా సారాంశం కావలసినవాడు పేరాను తెగ్గొట్టడు. ఫ్రేము మధ్యలో ఉన్నది పప్పుధాన్యాలు, గోధుమల ఉత్పత్తి పట్టిక, దాని కింద ఉన్న ప్రశ్న. 1965-66లో రెండూ సమానం, కోటి టన్నుల చొప్పున. 2000-01 నాటికి గోధుమ ఏడు కోట్ల టన్నులు, పప్పుధాన్యాలు కోటీ పది లక్షలు. ఈ రెండు పంటల విషయంలో హరిత విప్లవం ఒకేలా ఫలించిందా అని పుస్తకం అక్కడ అడుగుతుంది.

ఇప్పుడు ఆ సారాంశాన్ని ఈ పట్టిక పక్కన పెట్టండి. ధాన్యం దిగుబడి పెరిగింది అని సారాంశం గుండుగుత్తగా చెప్పింది. పట్టిక చెప్పేది గోధుమ ఏడు రెట్లయింది, పప్పు దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది అని. అంటే ఆ సారాంశం అనవసరమైనది మాత్రమే కాదు, పేజీలోని అసలు విషయాన్ని కప్పేసింది. పప్పుధాన్యాల కొరత మీద జీఎస్-3లో ప్రశ్న వస్తే మనకు పనికొచ్చేది ఆ కప్పేసిన ముక్కే. అతను అడిగింది పట్టిక కింది ప్రశ్నకు జవాబు ఎలా కట్టాలి అని. ఫ్రేము ఆ మాట చెబుతూనే ఉంది.

దీనికి వ్యతిరేక దిశలోనూ చదవాలి. అధ్యాయం పేరు, పేజీ నంబరు స్పష్టంగా కనబడేలా నిటారుగా తీసిన ఫోటోలు వరుసగా ఏడెనిమిది వస్తే, అది నిజంగానే సారాంశం. ఒక్క సందేహం కోసం ఎవరూ ఎనిమిది పేజీలు తీయరు. అక్కడ కూర్చుని ప్రతి పేజీ కింది అభ్యాసాలు చేసి పెట్టేవాడు కూడా తప్పే చేస్తున్నాడు.

మూడో ఆనవాలు: పేజీ భాష, పంపినవారి భాష

పేజీ ఏ భాషలో ఉంది, పంపినవారు మీతో ఏ భాషలో రాస్తారు అన్నది మూడోది. రెండూ ఒకటైతే అనువాదం మాట మరచిపోండి. వేరైతే అనువాదం కావచ్చు, తప్పకుండా కాదు.

ఇక్కడ మా ఊరి అనుభవం ఒకటి ఉపయోగపడుతుంది. మాట్లాడటం వేరు, చదవడం వేరు. అక్క మార్కెట్లో గుజరాతీలో బేరమాడుతుంది కాబట్టి ఆమెకు గుజరాతీ వచ్చు అని నేననుకున్నాను. లిపి రాని మనిషి పుస్తకం పేజీ పంపితే, ఏం చేయాలో చెప్పే ప్రశ్నను ముందు తెలుగులో చెప్పడం కనీస ధర్మం. పేజీ అంతా అనువదించడం కాదు, ఆ ప్రశ్నను మాత్రమే.

ఆ అనువాదంలోనూ జాగ్రత్త కావాలి. తగ్గింపుకు గుజరాతీ పాఠ్యపుస్తకాల్లో వళతర్ అన్న మాట వాడతారు. అదే మాట గుజరాతీ వార్తల్లో నష్టపరిహారం అన్న అర్థంలో కనబడుతుంది. పేజీ ఏం అడుగుతోందో అర్థం చేసుకోకుండా మాటకు మాట దించితే, 800 రూపాయల వస్తువుపై 10 శాతం నష్టపరిహారం అనే వింత లెక్క తయారవుతుంది. అనువాదం కూడా ముందు అర్థం తెలిశాకే. పేపర్-ఎలో ఆ 40 మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేదీ ఇక్కడే.

ఇంగ్లీషు పేజీ పంపిన తెలుగు మాధ్యమం మిత్రుడి విషయంలో ఇంకో మెలిక ఉంది. అతనికి ఇంగ్లీషు వాక్యం తెలుస్తుంది, భావనే తెలియదు. ద్రవ్యలోటు పేజీని తెలుగు చేసి పంపితే, తెలియని ఇంగ్లీషు మాట స్థానంలో తెలియని తెలుగు మాట చేరుతుంది. ఆ పేజీలో పదాల మీద అర్థాలు రాసుకున్న గుర్తులు లేకుండా ఒక్క నిర్వచనం చుట్టూ గుండ్రంగా గీసి ఉంటే, అది అనువాదం కాదు, వివరణ. చూశారా, మూడో ఆనవాలు ఒంటరిగా నిలవదు. మొదటిదాన్ని పిలిచి అడగాలి.

రెండు కలిస్తేనే ముందుకు

అందుకని నేను పెట్టుకున్న నియమం ఇది. చేతి గుర్తులు, ఫ్రేము, భాష. ఈ మూడింటిలో రెండు ఒకే పని చెబితే ఆ పని చేయండి. చేసేటప్పుడు మొదటి వాక్యంలోనే మీరు ఏమనుకున్నారో చెప్పండి: మూడో లెక్కలో 760 ఎందుకు తప్పయిందో అడిగారనుకుని రాస్తున్నాను, అని. మీ ఊహ తప్పయితే అవతలివాళ్లు ఒక్క మాటలో ఆపేస్తారు. ఆ వాక్యం లేకపోతే మీ పొడుగాటి జవాబు మర్యాదకు చదివి మౌనంగా ఉండిపోతారు.

రెండు కలవకపోతే అడగండి. కానీ ఏం కావాలి అని అడగకండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు, ఇదే, అని. అదే ఫోటో మళ్లీ వస్తుంది. పేజీ చదవలేని మనిషి తనకు భావన వివరణ కావాలని ఎలా చెబుతుంది? తనకు తెలియనిదేమిటో చెప్పగలిగితే సగం తెలిసినట్టే. రెండు దారులు చూపించి అడగండి: మూడో లెక్క చేసి చూపించాలా, 760 ఎందుకు తప్పో చెప్పాలా? దీనికి ఎవరైనా జవాబు చెప్పగలరు.

అడిగే వీలు లేదు, వెంటనే ఏదో ఒకటి పంపాలి అనే పరిస్థితిలో, తప్పు ఊహల్లో ఏది తక్కువ నష్టమో చూసుకోండి. వివరణ అడిగితే సారాంశం ఇస్తే పది నిమిషాలు వృథా. సారాంశం అడిగితే వివరణ ఇచ్చినా అంతే. కానీ వివరణ కావలసిన పిల్లకు అభ్యాసం చేసి ఇస్తే, ఆ తప్పు నోట్‌బుక్‌లో సరైన జవాబు కింద దాక్కుంటుంది. టీచరుకు కూడా ఇక కనబడదు. కాబట్టి ఈ రెంటి మధ్య సందేహమొస్తే అచ్చయిన లెక్కను ముట్టకండి. అదే తీరులో అంకెలు మార్చి ఒకటి చేసి చూపించండి. లెక్క చేయమన్నవాడికి దారి దొరుకుతుంది, అర్థం చెప్పమన్నవాడికి అర్థం దొరుకుతుంది.

మీరు అనబోయేవి

మొదటిది: ఫోటో పంపేవాడు ఒక్క మాట రాయొచ్చుగా, ఈ డిటెక్టివ్ పని మనకెందుకు? అభ్యర్థుల గ్రూపులో ఈ మాటను నేనూ ఒప్పుకుంటాను. రోజుకు ఎనిమిది గంటలు చదివేవాడు, విమర్శనాత్మకంగా పరిశీలించండి అన్న ప్రశ్నకూ వివరించండి అన్న ప్రశ్నకూ తేడా మీద అరగంట ఉపన్యాసం ఇచ్చేవాడు, తన సొంత ప్రశ్నకు ఒక క్రియాపదం రాయలేకపోవడం సిగ్గుచేటే. మన గ్రూపులో వివరణ, సారాంశం, అనువాదం, సాధన అన్న నాలుగు మాటల్లో ఒకటి రాయకుండా ఫోటో పెట్టకూడదని నియమం పెట్టండి, నేను మొదటి ఓటు వేస్తాను. కానీ దారాలు కత్తిరించి రాత్రి పదికి ఇంటికొచ్చి పిల్ల పుస్తకం ఫోటో తీసిన మనిషికి ఆ నియమం పెట్టకండి. అక్కడ క్రియాపదం వెతకడం చదువుకున్నవాడి పని.

రెండోది: సారాంశం ఇస్తే నష్టమేముంది, ఎంతో కొంత పనికొస్తుంది కదా? పాలంపూర్ పేజీలో ఏం జరిగిందో పైన చూశారు. గోధుమ, పప్పు తేడాను మింగేసిన సారాంశాన్ని గ్రూపులో అందరూ సేవ్ చేసుకున్నారు. ఎంతో కొంత పనికిరావడం కాదు, ఎంతో కొంత చెడగొట్టింది.

మూడోది, నిజాయితీగా చెప్పవలసినది: ఈ ఆనవాళ్లు ఏవీ లేని ఫోటోలు వస్తాయి. శుభ్రమైన కొత్త పుస్తకం, నిండు పేజీ, పైన పాఠం, కింద అభ్యాసం, భాష ఒకటే, గీత లేదు. ఆ పేజీ ఏమీ చెప్పదు. చెప్పినట్టు నటించకండి. రెండు దారుల ప్రశ్న అడిగి ఆగండి.

ఈ రాత్రి మీ గ్రూపులో వచ్చిన చివరి పది ఫోటోలు తెరవండి. ఒక్కొక్కదాన్ని పెద్దది చేసి, అంచులు, చేతిరాత, భాష చూసి, ఏ పని అడిగారో ఒక కాగితం మీద రాయండి. తర్వాత గ్రూపులో ఏ జవాబు వెళ్లిందో పక్కన రాయండి. రెండు వరుసలు ఎన్నిచోట్ల కలిశాయో లెక్కపెట్టండి. కలవనిచోట ఫోటో పెట్టినవారికి ఇప్పుడైనా ఒక సందేశం పంపండి. మా వీధి పిల్లకు నేను పది రోజులు ఆలస్యంగా వంద రూపాయల చీర లెక్క చెప్పాను. వెంటనే అర్థమైంది. నాతో ఏమీ అనలేదు గానీ, నోట్‌బుక్ తీసి నేను రాసిచ్చిన 756 పక్కన తన చేత్తో మళ్లీ మొదటి నుంచి వేసింది.